నీటి వినియోగదారుల సంఘం సర్వసభ్య సమావేశం: అధ్యక్షురాలి ముగింపు పలుకులు, వందన సమర్పణ

సభకు నమస్కారం.

ఎజెండాలోని అంశాలన్నీ పూర్తయ్యాయి. లేచే ముందు, ఈ రోజు ఏమేం నిర్ణయించుకున్నామో మరోసారి చదువుతాను. ఇళ్లకు వెళ్లాక ఎవరికి తోచినట్టు వారు చెప్పుకోకూడదు.

గత ఏడాది జమాఖర్చులను సభ ఆమోదించింది. కాలువలకు నీరు వదిలేలోగా పిల్లకాలువల్లో పూడిక తీసి, గుర్రపుడెక్క తొలగించాలి. ఆ పని శివారు నుంచి మొదలవుతుంది. నారుమళ్లకు మొదటి వంతు కూడా శివారుకే. గట్టుకు గండి పెట్టినా, అనుమతి లేకుండా గొట్టం వేసినా నోటీసు ఇచ్చి కమిటీ ముందుకు పిలుస్తాం. ఈ చివరి తీర్మానాన్ని పదకొండు మంది వ్యతిరేకించారు. వారి అభ్యంతరాన్ని ఉన్నదున్నట్టు మినిట్స్ పుస్తకంలో రాయాలని కార్యదర్శి గారిని కోరుతున్నాను.

వంతుల మీద గంటన్నర చర్చ జరిగింది. గొంతులు పెరిగాయి. అందుకు ఎవరూ నొచ్చుకోనవసరం లేదు. మా పొలం తూము పక్కనే ఉంది. నీటి కోసం రాత్రంతా గట్టు మీద కాపలా కాయవలసిన అవసరం మా ఇంట్లో ఎవరికీ రాలేదు. శివారు పెద్దాయన ఈ బల్ల మీద పెట్టిన వరి దుబ్బును ఇందాక చేతిలోకి తీసుకున్నాను. నిరుడు పొట్ట దశలో తడి అందక వెన్ను సగమే బయటికి వచ్చింది. నలిపి చూస్తే అంతా తాలే. విజయవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది, 1997 చట్టంతో కాలువల నిర్వహణలో రైతుకు చోటు దొరికింది. ఇన్ని జరిగినా ఆ పొలానికి నీరు చేరలేదంటే, ఎగువన ఉన్న మనం తగ్గవలసిందే. ముందుగా మా తూము తలుపు దించుతాను.

ఇక వందన సమర్పణ.

ఎండను లెక్కచేయకుండా వచ్చిన సభ్యులందరికీ, ముఖ్యంగా మొదటిసారిగా ఇంతమంది వచ్చిన మహిళా రైతులకు నా నమస్కారాలు. ప్రతి ప్రశ్నకూ ఓపికగా జవాబిచ్చిన సహాయ ఇంజనీరు గారికి, లెక్కలు పరిశీలించిన ఆడిటరు గారికి, హాలు ఇచ్చిన పాఠశాల ప్రధానోపాధ్యాయులకు కృతజ్ఞతలు. కుర్చీలు, మైకు, మజ్జిగ ఏర్పాటు చేసిన యువకులకు అభినందనలు.

మన లస్కరు గారు వెనుక వరుసలో కూర్చున్నారు. నిరుడు వరద రాత్రి తూము తలుపు ఇరుక్కుపోతే, నడుములోతు నీటిలో దిగి అడ్డుపడిన దుంగను లాగింది ఆయనే. అయ్యా, ఒకసారి లేచి నిలబడండి. అందరూ చప్పట్లతో ఆయనను గౌరవించాలని కోరుతున్నాను.

పూడికతీత సోమవారం ఉదయం ఆరు గంటలకు శివారు తూము దగ్గర మొదలవుతుంది. పార, గంప తెచ్చుకోండి.

జాతీయ గీతాలాపనకు అందరూ లేచి నిలబడవలసిందిగా కోరుతున్నాను. ఆ తరువాత సభ ముగిసినట్టే.