ల్యాబ్ మొదలయ్యే ముందు, పదో తరగతి తల్లిదండ్రులకు

గుంటూరు,
10 జులై 2025

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే సోమవారం నుంచి మీ పిల్లలు ల్యాబ్‌లో ఆమ్లాలు, క్షారాల ప్రయోగాలు మొదలుపెడతారు. మొన్న గేటు దగ్గర ఒకమ్మ, "సార్, మావాణ్ణి యాసిడ్ జోలికి పోనివ్వకండి" అన్నారు. నిజానికి యాసిడ్ అంటే పిల్లలకూ భయమే, జాగ్రత్తగానే ఉంటారు. వాళ్లు లెక్కచేయనిది క్షారాన్ని.

సోడియం హైడ్రాక్సైడ్, అదే కాస్టిక్ సోడా ద్రావణం, చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. వాసన రాదు. చేతికి తగిలితే ముందు మంట కూడా తెలియకపోవచ్చు, సబ్బు రాసుకున్నట్టు జారుతుంది. ఆ జారుడే చర్మం మీది కొవ్వు సబ్బుగా మారుతోందని గుర్తు. పోయినేడాది ఒక పాప ల్యాబ్‌లో రక్షణకిచ్చిన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఈ ద్రావణం అంటిన వేలితో కన్ను నలుపుకుంది. కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, రెప్ప తెరిచి పట్టుకుని ఇరవై నిమిషాలు కడిగాం. తర్వాత కంటి డాక్టర్‌కి చూపించాం. చూపుకేమీ కాలేదు. ఆ అద్దాలు నేను గమనించాల్సింది, తప్పు నాదే. కిళ్లీ సున్నం కంట్లో పడితే ఏమవుతుందో మన పెద్దవాళ్లకు తెలుసు కదా, ఇది అంతకన్నా ఘాటు.

అందుకే ఈసారి చేతులు కడుక్కునేదాకా కళ్లద్దాలు తీయనివ్వను. గాఢ యాసిడ్ పిల్లల చేతికివ్వను. నీళ్లలో కొంచెం కొంచెంగా యాసిడ్ పోసి నేనే పలచన చేస్తాను. యాసిడ్‌లో నీళ్లు పోస్తే ఆ వేడికి ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ద్రావణం కొలిచి తీసే గాజు గొట్టాన్ని, అదే పిపెట్‌ని, నోటితో పీల్చడం మా ల్యాబ్‌లో లేదు.

మీరు చూడాల్సింది బట్టల సంగతి. ల్యాబ్ రోజు కాటన్ బట్టలైతే మంచిది. జడలు వెనక్కి ముడివేయండి, చున్నీ వేలాడకూడదు. వాన పడుతోందని చెప్పులతో పంపొద్దు, బూట్లే. కాంటాక్ట్ లెన్సులున్నవాళ్లు ఆ రోజు మామూలు కళ్లజోడు పెట్టుకోవాలి, దాని పైన మా అద్దాలు పెడతాం.

ఒంటి మీద ఏది ఒలికినా తడిసిన బట్ట తీసేసి, కనీసం ఇరవై నిమిషాలు పారే నీళ్ల కింద ఉంచాలి. ఇంట్లో అయినా అంతే. పసుపు, టూత్‌పేస్టు పూయొద్దు. క్షారం పడిందని నిమ్మరసం పిండొద్దు, రెండూ కలిసిన వేడికి గాయం ఇంకా పెరుగుతుంది.

ఇంకొకటి. బాత్‌రూమ్ యాసిడ్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, దయచేసి మానేయండి. దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఈ పాఠం విన్న వారంలో పిల్లలకు ఇంట్లోనూ కలిపి చూడాలనిపిస్తుంది, కాస్త కనిపెట్టి ఉండండి.

దీంతో ఉన్న చీటీ మీద సంతకం చేసి శనివారంలోగా పంపండి. ఆస్తమా, చర్మం ఎలర్జీ లాంటివి ఉంటే అందులోనే రాయండి. ఏదైనా అడగాలనుకుంటే మధ్యాహ్నం భోజనం గంటలో ల్యాబ్‌లోనే ఉంటాను.

ఇట్లు,
మీ పిల్లల కెమిస్ట్రీ మాస్టారు