గడువు నోటీసుల పని: జూన్ 17, మంగళవారం, తెలుగు విభాగం, రాయగడ

సాయంత్రం కౌంటర్‌లో కూర్చునేవారికి,

ఈ రోజు గడువు దాటిన పుస్తకాలు: సున్నా. పంపిన నోటీసులు: సున్నా. రిజిస్టర్‌లో గడి ఖాళీగా వదలకండి, అంకె వేసి సంతకం పెట్టండి. ఖాళీ గడి చూసినవాళ్ళకి పుస్తకాలు లేవో, పనే జరగలేదో తెలియదు.

నోటీసులు రాలేదు కదా అని పుస్తకాలన్నీ గడువులోనే ఉన్నాయనుకోకూడదు. మన కోహాలో మొదటి నోటీసు మూడో రోజుకి పెట్టి ఉంది. రెండు రోజులు ఆలస్యమైన పుస్తకం ఉన్నా `overdue_notices.pl -n` ఏమీ చూపదు. అందుకే నేరుగా ఇష్యూల్లోనే చూశాం:

```
SELECT itemnumber, borrowernumber, date_due
FROM issues WHERE date_due < NOW();
```

ఒక్క వరస కూడా రాలేదు. సర్వర్ తేదీ వెనక్కి ఉన్నా ఇలాగే సున్నా వస్తుంది కాబట్టి `date` కొట్టి చూశాం, సరిగ్గానే ఉంది. పోయినవిగా గుర్తు పెట్టిన రెండు పుస్తకాలకి డబ్బు కట్టించుకోవడం, తీసివేత రిజిస్టర్‌లో ఎక్కించడం పోయిన నెలే అయిపోయాయి.

సున్నా ఎందుకు వచ్చిందంటే: రజ పండక్కి 14, 15, 16 మూసి ఉంటామని క్యాలెండర్‌లో ముందే సెలవులు ఎక్కించాం. ఆ మూడు రోజుల్లో తిరిగివ్వాల్సినవన్నీ 17కి జరిగాయి. 13 లోపు ఇవ్వాల్సినవి పండక్కి ముందే తెచ్చి ఇచ్చేశారు (ఇది మాత్రం అరుదు). పుస్తకం ఇచ్చాక సెలవు ఎక్కిస్తే పాత గడువు మారదు. ఈసారి ఆ తలనొప్పి తప్పింది.

అసలు రద్దీ ఈ రాత్రి దాటాకే. ఇవాళ గడువున్నవి 23. వాటికి 23:59 దాకా టైముంది, అంటే కౌంటర్ మూసేదాకా వచ్చినవాళ్ళ దగ్గర జరిమానా తీసుకోకూడదు. కనుక:

పోస్టుకార్డులు ఇవాళ రాయద్దు. ఇవాళ రాస్తే, సాయంత్రం ఇచ్చేసినవాళ్ళకి కూడా రెండ్రోజుల్లో కార్డు చేరి కౌంటర్ దగ్గర గొడవవుతుంది.

డ్రాప్ బాక్సులో పడ్డవి మూసే ముందే తీసి చెకిన్ చేయండి. రేపు పొద్దున చేసేవైతే చెకిన్ తెరలో తిరిగిచ్చిన తేదీని 17గా మార్చి చేయాలి. మర్చిపోతే ఒక రోజు జరిమానా పడుతుంది, మాఫీ చేయడం మళ్ళీ మన పనే.

బార్‌కోడ్ చెరిగిన పుస్తకాన్ని పక్కన పెట్టకండి. అక్సెషన్ నంబరు వెతికి చెకిన్ చేయండి. అల్మారాలో పుస్తకం ఉండి, సభ్యుడికి నోటీసు వెళ్ళడం ఇలాంటి వాటివల్లే.

సరి చూడటానికని ఏ సభ్యుడికీ ఉత్తుత్తి నోటీసు పంపకండి. ఒడియా సభ్యులకి వెళ్ళే మెసేజీ నమూనాలో తేదీ వరస సరిదిద్దాల్సి ఉంది, అది తర్వాతి నోటీసులు వెళ్ళేముందే చూస్తాం.

రేపు ఉదయం పైన ఇచ్చిన ఎస్‌క్యూఎల్ మళ్ళీ నడపండి. 23కి మించి వస్తే క్యాలెండర్ ఒకసారి చూడండి.