ట్రైనీ థర్మల్ డిజైన్ ఇంజనీర్ ఉద్యోగానికి దరఖాస్తు

భీమవరం,
పశ్చిమ గోదావరి జిల్లా.

హీట్ ఎక్స్ఛేంజర్ డిజైన్ విభాగం మేనేజర్ గారికి,

నమస్కారమండి. విశాఖపట్నంలోని మీ కంపెనీలో ట్రైనీ థర్మల్ డిజైన్ ఇంజనీర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. భీమవరంలో జె.ఎన్.టి.యు. కాకినాడ అనుబంధ కళాశాలలో 2025లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాను. మార్కుల వివరాలు బయోడేటాలో ఉన్నాయి. ఇక్కడ నా ఫైనలియర్ ప్రాజెక్టు గురించి చెప్తాను.

తణుకు దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ధాన్యం నానబెట్టాక మిగిలిన వేడినీళ్లను డ్రెయిన్‌లోకి వదిలేస్తున్నారు. పక్కనే ఊక బాయిలర్ మళ్లీ చన్నీళ్లనే కాస్తోంది. పోయే నీళ్ల వేడిని వచ్చే నీళ్లకు అందించడానికి షెల్ అండ్ ట్యూబ్ ఎక్స్ఛేంజర్ డిజైన్ చేశాను.

రెండువైపులా ప్రవాహం సెకనుకు 2 కిలోలు. వాడేసిన నీళ్లు 65 నుంచి 45 డిగ్రీలకు దిగితే, కొత్త నీళ్లు 28 నుంచి 48కి ఎక్కుతాయి. అంటే దాదాపు 167 కిలోవాట్లు. రెండు చివర్లా తేడా 17 డిగ్రీలే కాబట్టి ఎల్‌ఎంటీడీ కూడా 17. అసలు చిక్కు ఎక్కడంటే, చన్నీళ్లు బయటికొచ్చే ఉష్ణోగ్రత వేడినీళ్లు బయటికెళ్లే దానికంటే ఎక్కువ. ఒకే షెల్‌లో రెండు ట్యూబ్ పాస్‌లు పెడితే కరెక్షన్ ఫ్యాక్టర్ 0.70 దగ్గరకు పడిపోతుంది. అది ఒప్పుకోదగ్గది కాదు. అందుకే రెండు షెల్‌లను సిరీస్‌లో కలిపాను, ఫ్యాక్టర్ 0.94కి వచ్చింది. ఫౌలింగ్‌తో కలిపి యూ విలువ 700 తీసుకుంటే సుమారు 15 చదరపు మీటర్లు కావాలి. ఒక్కో షెల్‌కు 19.05 మి.మీ. ట్యూబులు 22, పొడవు 6 మీటర్లు.

నానబెట్టిన నీళ్లలో పిండిపదార్థం, తవుడు ఉంటాయి. నిల్వ ఉంటే పులుస్తాయి కూడా. చూస్తుండగానే చేతికి జిగురు అంటుకుంటుంది. అందుకే ఆ నీళ్లను ట్యూబుల్లోంచే పంపాను. కవర్ విప్పి బ్రష్ తోయడం మిల్లు ఫిట్టర్‌కు తేలిక. ట్యూబులకు ఎస్‌ఎస్ 304 ఎంచుకున్నాను. నానబెట్టడం బ్యాచ్‌ల వారీగా జరుగుతుంది కాబట్టి ముందు ఒక బఫర్ ట్యాంకు తప్పనిసరి.

ఊక వేడి విలువ కిలోకు 13 మెగాజౌళ్లు, బాయిలర్ సామర్థ్యం 65 శాతం అనుకుంటే, నడిచినంతసేపూ గంటకు 70 కిలోల ఊక మిగులుతుంది. మిల్లువాళ్లకు ఈ అంకె చూపిస్తేనే మాట వింటారు.

షెల్ సైడ్ లెక్క కెర్న్ పద్ధతిలో చేశాను. లీకేజీ, బైపాస్ ప్రవాహాలను పట్టించుకునే బెల్-డెలావేర్ పద్ధతిని అసలు పరికరాల మీద నేర్చుకోవాలని చాలా ఆశ. తయారైన బండిల్‌ను విప్పి చూసే అవకాశం మీ దగ్గర దొరుకుతుందనే ఈ ఉద్యోగం కోరుకుంటున్నాను.

ఎక్సెల్ లెక్కలు, ట్యూబ్ షీట్ డ్రాయింగు జతచేశాను. ఇంటర్వ్యూకు మీరు చెప్పిన రోజు విశాఖపట్నం వస్తాను. లెక్కలో ఏ అడుగు అడిగినా బోర్డు మీద వేసి చూపిస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
సత్యనారాయణ