స్ప్రింట్ 14 కెపాసిటీ ప్లాన్

టీమ్‌కి, ప్రొడక్ట్ ఓనర్‌కి

సోమవారం ప్లానింగ్‌కి కూర్చునేలోపు ఇది ఒకసారి చదవండి. ఈ స్ప్రింట్‌కి 36 పాయింట్ల పని అడిగారు. లెక్క వేసి చూస్తే 26 పాయింట్లే తీసుకోగలం. ఆ 10 ఎందుకు పట్టవో కింద గంటలతో సహా రాశాను. ఎక్కడైనా తప్పు కనిపిస్తే సోమవారం దాకా ఆగకుండా ఇవాళే చెప్పండి.

ఉన్న రోజులు

మామూలుగా రెండు వారాల స్ప్రింట్‌కి 10 పనిదినాలు. రెండో బుధవారం ఆఫీసుకి సెలవు కాబట్టి ఈసారి 9. ఆరుగురికి రోజుకి 8 గంటల చొప్పున 432 గంటలు.

అందులో సెలవులు: మాధవి మొదటి గురువారం, శుక్రవారం, ఆ తర్వాతి సోమవారం ఉండరు. రఘు రెండో మంగళవారం ఉండరు. ఫణి రెండో శుక్రవారం పొద్దున పూట రారు, మధ్యాహ్నం నుంచి ఉంటారు. మొత్తం నాలుగున్నర రోజులు, అంటే 36 గంటలు. మిగిలింది 396.

మీటింగులు

స్టాండప్ రోజుకి 15 నిమిషాలు, ప్లానింగ్ 3 గంటలు, రెండు గురువారాల్లో గంటేసి రిఫైన్‌మెంట్, చివరి శుక్రవారం మధ్యాహ్నం రివ్యూ గంట, రెట్రో గంట. అన్ని రోజులూ ఉన్నవాళ్లకి ఇది 9.25 గంటలు. సెలవులో ఉన్నవాళ్లకి ఆ రోజు మీటింగులు కూడా తీసేశాను. లేకపోతే ఒకే గంటని రెండుసార్లు కోసినట్టవుతుంది. అనితకి రెండు ఇంటర్వ్యూలు ఉన్నాయి, వాటికి ఇంకో 3 గంటలు. మొత్తం 56.25.

సపోర్ట్

మన లెక్కలు ఎక్కువగా తప్పేది ఇక్కడే, అందుకే దీని మీద ఎక్కువ టైం పెట్టాను. గత నాలుగు స్ప్రింట్లలో సపోర్ట్ టికెట్ల మీద నమోదైన గంటలు వరుసగా 38, 52, 41, 45. సగటు 44. కానీ ఈసారి సగటు వాడలేదు, 52 పెట్టాను. పోయిన వారమే పేమెంట్ మార్పు ప్రొడక్షన్‌లోకి వెళ్లింది. ఇలాంటి పెద్ద మార్పు వెళ్లాక మొదటి రెండు వారాలు టికెట్లు ఎక్కువే వస్తాయి. స్ప్రింట్ 11లో అచ్చం ఇదే జరిగింది. సపోర్ట్‌కి ఏమీ తీయకుండా 38 పాయింట్లు ఒప్పుకున్నాం, 29 పూర్తి చేశాం. చివరి రెండు రోజుల్లో అన్నీ ఒకేసారి టెస్టింగ్‌కి వచ్చి పడ్డాయి. శుక్రవారం రాత్రి అందరూ వెళ్లిపోయాక కూడా దీప ఒక్కరే ఒక్కో స్క్రీన్ చూస్తూ కూర్చున్నారు. అది దీప ఆలస్యం కాదు, మా ప్లాన్‌లో తప్పు. ఆ పరిస్థితి మళ్లీ రానివ్వను.

మొదటి వారం సపోర్ట్ ఫణిది, 28 గంటలు. రెండో వారం అనితది, నాలుగు రోజులే కాబట్టి 24. ఆ వారం సపోర్ట్‌లో ఉన్నవాళ్లకి డెడ్‌లైన్ ఉన్న పని ఇవ్వొద్దు. ప్రొడక్షన్‌లో ఏదైనా ఆగినప్పుడు చేతిలో పని వదిలి లేవాలి. తిరిగొచ్చాక ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికే అరగంట పోతుంది. మొదటి శుక్రవారం రిలీజ్ చెకింగ్‌కి దీపకి ఇంకో 6 గంటలు తీశాను. మొత్తం 58.

మిగిలింది

| పేరు | రోజులు | మీటింగులు | సపోర్ట్ | మిగిలిన గంటలు | ప్లాన్‌కి వాడేది |
|---|---|---|---|---|---|
| అనిత (బ్యాకెండ్) | 9 | 12.25 | 24 | 35.75 | 28.6 |
| రఘు (బ్యాకెండ్) | 8 | 9 | 0 | 55 | 44 |
| ఫణి (బ్యాకెండ్) | 8.5 | 9 | 28 | 31 | 24.8 |
| మాధవి (ఫ్రంటెండ్) | 6 | 7.5 | 0 | 40.5 | 32.4 |
| సలీం (ఫ్రంటెండ్) | 9 | 9.25 | 0 | 62.75 | 50.2 |
| దీప (టెస్టింగ్) | 9 | 9.25 | 6 | 56.75 | 45.4 |
| మొత్తం | 49.5 | 56.25 | 58 | 281.75 | 225.4 |

చివరి కాలమ్‌కి షీట్‌లో పెట్టిన ఫార్ములా:

```
=(B2*8-C2-D2)*0.8
```

ఆ 0.8 గురించి పోయినసారి సలీం అడిగారు. ఒకరి కోడ్ ఒకరు రివ్యూ చేయడం, చాట్‌లో వచ్చే ప్రశ్నలు, బిల్డ్ ఫెయిలైతే చూడడం, మధ్యలో టీ. ఇవేవీ క్యాలెండర్‌లో ఉండవు, కానీ రోజూ ఉంటాయి. అందుకే ఐదో వంతు వదిలేశాం. సపోర్ట్, మీటింగులు ఇందులో లేవు, వాటిని ముందే విడిగా తీశాం.

పాయింట్లలో ఎంత

గత మూడు స్ప్రింట్లలో ఇదే పద్ధతిలో తేలిన గంటలు 236, 272, 260. పూర్తయిన పాయింట్లు 29, 34, 33. మొత్తం 768 గంటలకి 96 పాయింట్లు, అంటే పాయింట్‌కి 8 గంటలు. ఇది మన టీమ్ లెక్క మాత్రమే, ఇంకో టీమ్‌తో పోల్చడానికి పనికిరాదు. 225.4 గంటలకి 28 పాయింట్లు వస్తాయి.

అయితే మొత్తం చూసి సంతోషపడితే సరిపోదు. సలీం దగ్గర మిగిలిన గంటల్లో బ్యాకెండ్ పని జరగదు. అందుకే ఒక్కో పనినీ మూడు భాగాలుగా విడదీశాను.

| పని | పాయింట్లు | బ్యాకెండ్ | ఫ్రంటెండ్ | టెస్టింగ్ |
|---|---|---|---|---|
| రీఫండ్ స్టేటస్ స్క్రీన్ | 8 | 30 | 34 | 14 |
| ఇన్వాయిస్ డౌన్‌లోడ్ | 5 | 22 | 12 | 8 |
| నెమ్మదిగా వచ్చే సెర్చ్ | 5 | 28 | 0 | 6 |
| పాత లైబ్రరీ అప్‌గ్రేడ్ | 5 | 0 | 14 | 8 |
| లాగిన్ ఎర్రర్ మెసేజ్‌లు | 3 | 4 | 16 | 5 |
| మొత్తం | 26 | 84 | 76 | 41 |
| ఉన్నది | | 97.4 | 82.6 | 45.4 |

బల్క్ అప్‌లోడ్ (8 పాయింట్లు) ఈసారి వద్దు. దానికి బ్యాకెండ్‌లోనే 40 గంటలు కావాలి, మిగిలింది 13.4. రిపోర్ట్ ఎక్స్‌పోర్ట్ చిన్నదే, 2 పాయింట్లు. పాయింట్ల లెక్కలో పడుతుంది, బ్యాకెండ్‌కి కావాల్సిన 8 గంటలూ ఉన్నాయి. కానీ టెస్టింగ్‌కి 5 గంటలు కావాలి, దీప దగ్గర మిగిలింది 4.4. ఆ కాస్త తేడాకి ఏమవుతుందిలే అనిపిస్తుంది. ఆ భారం చివరికి ఎవరి మీద పడుతుందో స్ప్రింట్ 11లో చూశాం, కాబట్టి వద్దు.

ప్రొడక్ట్ ఓనర్‌కి: బల్క్ అప్‌లోడ్ ఈ స్ప్రింట్‌లోనే తప్పనిసరి అయితే రీఫండ్ స్క్రీన్‌ని పక్కన పెట్టాలి. అప్పుడు బ్యాకెండ్‌లో 43.4 గంటలు ఖాళీ అవుతాయి, 40 పడుతుంది. రెండింటిలో ఏది ముందో మీరు చెప్పండి. రెండూ కావాలంటే మాత్రం కుదరదు. ఇంకో మాట, 26 మా అంచనా. స్క్రమ్ గైడ్‌లో కూడా 2011లో 'కమిట్‌మెంట్' అన్న మాట తీసి 'ఫోర్‌కాస్ట్' అని మార్చారు. పై టీమ్‌లకి చెప్పేటప్పుడు కూడా దయచేసి అంచనా అనే చెప్పండి.

ఏ వరుసలో

సెర్చ్ పని మొదటి రోజే రఘు మొదలుపెట్టాలి, గురువారం సాయంత్రానికి దీప చేతికి రావాలి. రీఫండ్ స్క్రీన్‌లో తన భాగం ఎక్కడిదాకా వచ్చిందో మాధవి బుధవారం సాయంత్రం సలీంకి పక్కన కూర్చుని చూపించాలి. మెసేజ్ పెడితే చాలదు, మూడు పనిదినాలు అడగడానికి మనిషి ఉండరు. రెండో వారంలో అనిత సపోర్ట్‌లో ఉంటారు, మంగళవారం రఘు కూడా లేరు. అందుకని ఇన్వాయిస్ డౌన్‌లోడ్‌లో అనిత భాగం మొదటి శుక్రవారానికి అయిపోవాలి, మిగిలింది ఫణి చూస్తారు.

సపోర్ట్ గంటలు మొదటి శుక్రవారానికి 28 దాటితే సోమవారం స్టాండప్ అవగానే నేనూ ప్రొడక్ట్ ఓనరూ కూర్చుంటాం. ముందు లాగిన్ మెసేజ్‌లు తీసేస్తాం, అవసరమైతే లైబ్రరీ అప్‌గ్రేడ్. టికెట్ మీద గంటలు ఏ రోజువి ఆ రోజే రాయండి, పది నిమిషాల పనైనా సరే.