‘ఇన్‌సెప్షన్’ చివర్లో బొంగరం పడిందా?

క్రిస్టఫర్ నోలన్ ‘ఇన్‌సెప్షన్’ 2010లో వచ్చింది. ఇన్నేళ్లయినా మాదాపూర్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌కి ఎవరో ఒకరు దాన్ని కొత్తగా చూసి వస్తారు, లంచ్ బాక్సులు తెరవకముందే పంచాయితీ మొదలవుతుంది. ‘పడిపోతది భై, ఊగింది కదా’ అని ఒకడు. ‘పడేదైతే అంతలో కట్ ఎందుకు చేసిండు?’ అని ఇంకొకడు. సినిమా ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కింద కథంతా విప్పేస్తున్నాను.

ఆ షాట్ ఇదీ. ఇతరుల కలల్లోకి దూరి రహస్యాలు దొంగిలించే కాబ్ (లియోనార్డో డికాప్రియో) ఇల్లు చేరతాడు. అలవాటు కొద్దీ టేబుల్ మీద బొంగరం తిప్పుతాడు. అంతలో పెరట్లో పిల్లలు కనిపిస్తారు, బొంగరాన్ని వదిలేసి అటు వెళ్లిపోతాడు. కెమెరా మాత్రం మళ్లీ బొంగరం మీదికొస్తుంది. అది తిరుగుతూనే ఉంటుంది, కాస్త తూలినట్టు అనిపిస్తుంది, ఠక్కున తెర నల్లబడుతుంది. కలలో అయితే ఆగకుండా తిరుగుతుంది, మెలకువలో అయితే పడుతుంది అని సినిమా మనకు ముందే నేర్పింది కాబట్టి ఊపిరి బిగబట్టి చూస్తాం. క్లైమాక్స్ అవుతుండగానే పార్కింగ్ వైపు పరుగెత్తేవాళ్లకు ఈ బాధ లేదు. వాళ్లకది సుఖాంతం!

అయితే ఆ బొంగరం సాక్ష్యం మొదట్నుంచీ బలహీనమే. కాబ్ జట్టులోని ఆర్థర్ తన పాచికను, కలలు కట్టే ఆరియాడ్నీకి ముట్టుకోనివ్వడు, గుర్తుందా? దాని బరువు ఎటు ఒరుగుతుందో తనొక్కడికే తెలియాలి. అది తెలియనివాడు కట్టిన కలలో పాచిక తేడాగా పడుతుంది, దాంతో మోసం బయటపడుతుంది. కాబ్ బొంగరంలో అలాంటి రహస్యమేదీ లేదు. పైగా అది చనిపోయిన అతని భార్య మాల్‌ది, అదెలా పనిచేస్తుందో తనే ఆరియాడ్నీకి చెప్పేశాడు కూడా. అసలు పడిపోవడం ఏ బొంగరానికైనా మామూలే. వేరేవాడెవడైనా కల కడితే అందులోనూ బొంగరం పడేలాగే కడతాడు. ఆగకుండా తిరిగితే కల అని తేలుతుందేమో గానీ, పడినంత మాత్రాన నిజమని తేలదు. తెర ఇంకో పది సెకన్లు వెలిగినా మా క్యాంటీన్ పంచాయితీ తెగేది కాదు.

బొంగరం కంటే ఉంగరం నయం. కలల్లో కాబ్ ఎడమచేతికి పెళ్లి ఉంగరం ఉంటుంది, మెలకువలో ఉండదు. చివర్లో లాస్ ఏంజెలెస్ ఎయిర్‌పోర్టులో ఆ వేలు ఖాళీ. నిజం అనేవాళ్లకు ఇది పెద్ద ఆధారమే, కానీ కల పార్టీ దగ్గరా జవాబుంది: అప్పటికే కలల అట్టడుగు లోకమైన లింబోలో మాల్‌ని వదులుకున్నాడు కదా, ఇక కలలో మాత్రం ఉంగరమెందుకు? ఈ వాదనకు నేనూ కాసేపు తలొగ్గాను.

ఆ పార్టీ చూపించే ఇంకో ఆధారం ప్రయాణం. కలలో ఎక్కడికి ఎలా వచ్చామో గుర్తుండదని కాబే అంటాడు. ఇక్కడ ఎయిర్‌పోర్టులో పిల్లల తాత మైల్స్ ఎదురొస్తాడు, మరుక్షణం ఇంట్లో ఉంటారు, మధ్యలో కారు లేదు, రోడ్డు లేదు. ఇది నాకు ఆనదు. అమీర్‌పేట్‌లో కళ్లు మూసిన హీరోయిన్ స్విట్జర్లాండ్‌లో డ్యూయెట్ పాడితే అది కల అని మనకెవరూ చెప్పక్కర్లేదు. అలాగని సీను మారిన ప్రతిచోటా కలే అంటే ఏ సినిమాలోనూ మెలకువ మిగలదు.

నన్ను ఒప్పించింది పిల్లలు. సినిమా అంతా వాళ్లు వెనక్కి తిరిగి, అదే భంగిమలో కూర్చుని ఉంటారు, ముఖాలు కనపడవు. లింబోలో మాల్ వాళ్లను పిలిచినప్పుడు కాబ్ చూడకుండా తల తిప్పుకుంటాడు. చివర్లో వాళ్లే తిరిగి పరుగెత్తుకొస్తారు. చూడ్డానికి అవే బట్టల్లా ఉన్నా అవి కావు. టైటిల్స్‌లో కూడా పాపకు మూడేళ్లు, అయిదేళ్లు అని, బాబుకు ఇరవై నెలలు, మూడేళ్లు అని వేర్వేరు నటుల పేర్లున్నాయి. జ్ఞాపకంలోని పిల్లలకు వయసు పెరగదు, వీళ్లు పెరిగారు.

మైల్స్‌గా వేసిన మైకేల్ కెయిన్ 2018లో ఒక ప్రదర్శన ముందు చెప్పిన మాట తరచూ తెస్తుంటారు. ఏది కల, ఏది నిజం అని అడిగితే ‘నువ్వున్న సీను నిజం’ అన్నాడట నోలన్. చివర్లో మైల్స్ ఉన్నాడు కాబట్టి నిజం. బాగుంది గానీ అయోమయపడ్డ నటుడికి దర్శకుడు ఇచ్చిన ఆ సమాధానాన్ని నేను తీర్పుగా తీసుకోను. 2015లో ప్రిన్స్‌టన్ విద్యార్థులతో నోలన్ అన్నది ఇంకా పనికొస్తుంది: కాబ్ పిల్లలతో ఉన్నాడు, ఇక అతనికి పట్టింపు లేదు.

నా ఓటు నిజానికే. కాకపోతే అది బొంగరాన్ని చూసి వేసిన ఓటు కాదు. ఒకప్పుడు అది పడేదాకా పిస్తోలు చేతిలో పట్టుకుని కూర్చున్నవాడు, ఈసారి ఫలితం చూడకుండానే పెరట్లోకి నడిచాడు. చూస్తూ ఉండిపోయింది మనమే. మళ్లీ చూసేటప్పుడు ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు అందించే చోట ఒక్కసారి పాజ్ చేసి ఆ ఎడమచెయ్యి చూడండి, తర్వాత పాప వేసుకున్న బట్టలు. మా క్యాంటీన్‌లో కల పార్టీకి ఇంకా ఇద్దరున్నారు, వాళ్లకూ ఇదే చెప్పాను.