కాళ్లా గజ్జా పాట గురించి తాతకు

డబ్లిన్
9 నవంబర్ 2025

తాతకు దండం.

నాయనమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గినయా? ఇక్కడ అందరం మంచిగున్నం. పాప మొన్నటి సంది కాళ్లు చాపి కూసొని ఆట చెప్పుమంటున్నది. చెప్దామంటే పాట నాకు సగమే యాదికుంది:

కాళ్లా గజ్జా కంకాళమ్మ
వేగుల చుక్క వెలగా మొగ్గ
మొగ్గా కాదు మోదుగ నీడ
నీడా కాదు నిమ్మల బావి
బావీ కాదు బసవన్న కూర
కూరా కాదు గుమ్మడి పండు
పండూ కాదు పాపడ మీసం

ఇక్కడ ఒక వరుస తెగింది. మళ్ల "పోతూ కాదు బొమ్మల శెట్టి, శెట్టీ కాదు శామా మన్ను" నుంచి వస్తది. అంటే పోయిన వరుస "మీసం కాదు" అని మొదలై "పోతు"తోని ముగియాలె. నడుమ మాట "మి"తోనే ఉండాలె. అక్క "మిరియాల పోతు" అంటది. నువ్వు పాడేది అదేనా?

అసలు సంగతి వేరే. ఇది గజ్జికి మందుల చీటీ అని ఫోన్లల్ల తిరుగుతున్నది. వెలగ, మోదుగ, నిమ్మ, గుమ్మడి, మిరియం, మంచిగంధం అన్నీ ఔషధాలేనట. నాకు నమ్మబుద్ధి అయితలేదు. మరి బొమ్మల శెట్టిని ఏం చేసి నూరుతరు తాతా? గోకి పుండైన చోట మిరియం రాస్తే మంట తప్ప ఏముంటది?

నాకు తోచేది ఇది: మాటను ఎన్నుకున్నది అర్థం కాదు, అక్షరం. మొగ్గ–మోదుగ, నీడ–నిమ్మల, బావి–బసవన్న, శెట్టి–శామ. "కూర"కు "గుమ్మడి", "పోతు"కు "బొమ్మల" కలవయ్ అనుకున్న గాని, పద్యంల యతికి క–గ, ప–బ చెల్లుతయి కదా. పలకా బలపం ఎరగనోళ్లు కూడ చెవితోనే అది పట్టుకున్నరు. అప్పుడు "గజ్జా" అంటే గజ్జి కాదు, కాలి గజ్జె అయ్యుండాలె. ఆటనే కాళ్ల మీద ఆయె.

అయినా కొన్ని ముళ్లు విడుతలేవు. మోదుగ ఫాల్గుణంల పూసేటప్పుడు ఆకంత రాలి మోడైతది, మరి నీడేడిది? విస్తర్లకు ఆకు తెంపే కాలం నీడనా? బసవన్న కూర నిజంగ మన చెల్కల దొరికే ఆకేనా? పాపడ అంటే చెట్టా, పిలగాడా? శామ మన్ను ఏ మన్ను? కంకాళమ్మ పేరుతోని మన నకిరేకల్ దిక్కు ఏదన్న గుడి ఉన్నదా?

ఇంకొకటి, ఆటకు కావాలె. వరుసకు నాలుగు దెబ్బల లెక్కన కొడితే పన్నెండు వరుసలకు 48. ఆరుగురు కూసుంటే పన్నెండు కాళ్లు, పాట సరిగ్గ చివరి కాలు మీద ఆగుతది. అయిదుగురైతే ఎనిమిదో కాలు. ఒక కాలు ముడిచినంక మళ్ల మొదటి నుంచి కొట్టాల్నా, ముడిచిన కాలు పక్క నుంచా?

రాసుడు కష్టమైతే తమ్ముని ఫోన్ల రికార్డు చేసి పంపు. పాడుకుంట నీ మోకాలు మీద చెయ్యి కొట్టు, దెబ్బలు నేను లెక్కవెట్టుకుంట.

నీ చిన్న మనుమడు