ఒంటిగంటకు ఇంటి భోజనం

నమస్కారం. ఎనిమిది నిమిషాలు మాట్లాడతాను. మధ్యలో అడ్డుపడి ప్రశ్నలు వేసినా ఇబ్బంది లేదు.

మేము ఇళ్లలో వండిన మధ్యాహ్న భోజనాన్ని ఆఫీసు ఉద్యోగులకు చేరుస్తాం. ఈ మాట చెప్పగానే ఇప్పటికే ఉన్న ఫుడ్ డెలివరీ యాప్‌లు గుర్తుకొస్తాయి. మా పని అది కాదు. ఆ యాప్‌లలో సాధారణంగా ఒక ఆర్డరు వస్తే ఒక మనిషి ఒక వాహనం మీద ఒకే గుమ్మానికి వెళతాడు. మా మనిషి ఒక్క ప్రయాణంలో 40 బాక్సులు తీసుకెళతాడు, అన్నీ ఒకే భవనానికి. ఈ ఒక్క తేడా మీదే మా వ్యాపారం నిలబడి ఉంది.

ఏడు నెలలుగా నడుపుతున్నాం. ఇప్పుడు మూడు ఆఫీసు భవనాలు, 14 మంది వంటవారు, పనిదినానికి సగటున 310 బాక్సులు. ఆర్డరు ముందు రోజు రాత్రి 9 గంటలకు ముగుస్తుంది. ఆ తర్వాత ఎవరు అడిగినా ఇవ్వం. మొదట్లో ఈ నియమానికి మేమే భయపడ్డాం, ఉదయం లేచాక ఆకలి గుర్తొచ్చేవాళ్లంతా పోతారేమోనని. కొందరు పోయారు కూడా. కానీ ఎన్ని బాక్సులో రాత్రే తెలిస్తే వంటవారు సరిగ్గా అంతకే సరుకులు తెచ్చుకుంటారు, మిగిలి పారేసేది దాదాపు ఉండదు. ఆఫీసుకు జనం తక్కువగా వచ్చే రోజు కూడా ముందే తెలిసిపోతుంది.

రోజుకు రెండే రకాల భోజనం. యాప్‌లో వంద ఎంపికలు చూసి అలసిపోయిన మనిషికి ఎంచుకునే పని తగ్గించడమే మేము అమ్మే సౌకర్యంలో సగం.

ఇక డబ్బు. వినియోగదారుడు చెల్లించే ప్రతి 100 భాగాల్లో 58 వంటవారికి వెళతాయి, సరుకుల ఖర్చు అందులోనే. చేరవేతకు 14, ఫోనులో మాట్లాడి సమస్యలు తీర్చే సిబ్బందికి 7, బాక్సులు కడగడానికీ అరుగుదలకూ 6, చెల్లింపు రుసుములకూ తిరిగిచ్చే డబ్బుకూ 4. మిగిలేది 11. మొదటి నెలలో ఒక్క భవనానికి రోజుకు 35 బాక్సులే వెళ్లేవి. అప్పుడు చేరవేత ఒక్కటే 31 భాగాలు తినేసింది, ప్రతి బాక్సు మీదా 6 భాగాలు నష్టపోయాం. ఆర్డర్లు పెరిగితే నష్టం పెరుగుతుందనే భయం ఈ రంగంలో సహజం. మాకు భవనంలో బాక్సులు పెరిగేకొద్దీ నష్టం తగ్గి లాభమైంది. అందుకే ఎన్ని ఊళ్లలో ఉన్నామన్నది మేము లెక్కపెట్టుకోం, ఒక్కో భవనంలో ఎన్ని బాక్సులన్నదే చూసుకుంటాం.

ఆ 11 భాగాలతో ఆఫీసు అద్దె, జీతాలు ఇంకా గట్టెక్కలేదు. ముగ్గురు వ్యవస్థాపకులం జీతం తీసుకోవడం లేదు. మాకూ జీతాలు వేసి లెక్కకడితే లాభనష్టాలు సమం కావడానికి రోజుకు 1,100 బాక్సులు వెళ్లాలి. ఇప్పుడు దానిలో పావు వంతు కన్నా కాస్త ఎక్కువ దగ్గర ఉన్నాం.

జనం నిలబడుతున్నారా? మొదటి రెండు నెలల్లో చేరిన 120 మందిలో 74 మంది ఇప్పటికీ వారానికి కనీసం మూడు రోజులు తీసుకుంటున్నారు. వెళ్లిపోయిన 46 మందికీ నేనే ఫోను చేశాను. 19 మంది ఉద్యోగం మారారు లేదా ఇంటి నుంచి పని మొదలుపెట్టారు. 12 మంది బాక్సు ఆలస్యమైందన్నారు, అది మా తప్పే. మిగిలిన 15 మంది మాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. వంట బాగాలేదని ఒక్కరూ అనలేదు, రోజూ అదే చేతి వంట తిని మొహం మొత్తిందన్నారు. ఇంట్లోవాళ్ల వంట గురించి ఎవరూ పైకి అనలేని మాట అది! దాంతో రెండు వారాలకోసారి ఒక్కో భవనానికి వంటవారిని మార్చడం మొదలుపెట్టాం. ఆ తర్వాత ఈ కారణం చెప్పి మానేసినవారు ఇప్పటివరకు ఇద్దరే.

మా అసలు కష్టం వంటవారు. వినియోగదారులు దొరుకుతున్నారు. 31 మంది దరఖాస్తు చేస్తే 14 మందిని తీసుకున్నాం. వంటిల్లు మేమే వెళ్లి చూస్తాం, స్థానిక ఆహార భద్రతా నిబంధనల ప్రకారం నమోదు ఉన్నవారినే చేర్చుకుంటాం. ఒక్కొక్కరికి రోజుకు 25 బాక్సులు మించనివ్వం, అంతకన్నా పెరిగితే అది ఇంటి వంట కాదు, చిన్న హోటలు. డబ్బు ప్రతి శనివారం చేతికి అందుతుంది. వీరు వేరేచోటికి వెళ్లకుండా ఉండటానికి మా దగ్గరున్న గట్టి కారణం ఈ నమ్మకమే.

మూడో నెలలో ఒకే ఉదయం ఇద్దరు వంటవారికి జ్వరం వచ్చింది, 41 మందికి భోజనం అందలేదు. డబ్బు తిరిగిచ్చాం, చీవాట్లూ తిన్నాం. ఇప్పుడు రోజూ ఇద్దరు వంటవారిని అదనపు ఆర్డర్లకు సిద్ధంగా ఉంచి, ఆ అదనపు పని రాకపోయినా కొంత చెల్లిస్తున్నాం. ఆ ఖర్చు పైన చెప్పిన 58లోనే ఉంది.

ఆహారం విషమైతే కంపెనీ ఒక్కరోజులో పోతుంది, కాబట్టి ఈ ఒక్క విషయం వివరంగా చెబుతాను. వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచవద్దని, వడ్డించేవరకు 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడిగా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మేము 11:15కు బాక్సు మూయిస్తాం, వేడి నిలిపే సంచిలో 12:40కల్లా భవనానికి చేరుస్తాం. తీసుకునేటప్పుడు ఒకసారి, అప్పగించేటప్పుడు ఒకసారి వేడి కొలుస్తాం. 60 కన్నా తగ్గిన బాక్సు వెనక్కి వస్తుంది.

ముంబయి డబ్బావాలాలు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు కదా అని క్రితం సమావేశంలో ఒకరు అడిగారు. నిజమే, పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ చేస్తున్నారు, చేరవేత క్రమశిక్షణ వారి దగ్గరే నేర్చుకోవాలి. కానీ వారు ప్రధానంగా మోసేది ఎవరి ఇంటి బాక్సు వారికి. మా వినియోగదారుడి ఇంట్లో ఆ సమయానికి వండేవారు లేరు. వండే మనిషిని వెతికి, పరీక్షించి, నిలబెట్టుకోవడం మా పనిలో బరువైన సగం.

పెద్ద యాప్‌లు రేపు ఇదే మొదలుపెడితే? పెట్టవచ్చు. వారి బలం వెంటనే కావాలన్నవారికి వెంటనే ఇవ్వడం. రాత్రి 9 తర్వాత కుదరదని చెప్పడం వారికి మాకంటే కష్టం.

మాకు కావాల్సింది 18 నెలల పెట్టుబడి. మొత్తం ఎంతో మీ ముందున్న పత్రంలో మొదటి వరుసలో ఉంది, బదులుగా 12 శాతం వాటా ఇస్తాం. ఆ పెట్టుబడిలో 45 శాతం వంటవారిని వెతకడానికీ శిక్షణకూ, 25 శాతం బాక్సులకూ సంచులకూ, 20 శాతం ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ చూసే ఇద్దరికీ వెళుతుంది, మిగతా 10 ముట్టుకోం. మూడు భవనాలను 12 చేస్తాం, అన్నీ ఇప్పుడున్న వాటికి మూడు కిలోమీటర్ల లోపే. భవనానికి ఇప్పటి సగటే వచ్చినా రోజుకు 1,200 బాక్సులు దాటతాయి, దానికి దాదాపు 55 మంది వంటవారు కావాలి. తొమ్మిదో నెలకు 30 మందిని చేర్చలేకపోతే కొత్త భవనాలు ఆపి, మిగిలిన డబ్బు ఏం చేయాలో మీతో కూర్చుని తేలుస్తాం. ఈ షరతు ఒప్పందంలో రాయడానికి సిద్ధం.

గురువారం ఉదయం 11 గంటలకు ఒక వంటింటికి మీరు వస్తే బాగుంటుంది, అక్కడి నుంచి బాక్సుల వెంటే భవనం దాకా వెళదాం. మీకూ భోజనం అక్కడే. అయితే బుధవారం రాత్రి 9 లోపు చెప్పాలి, మీకైనా.